అమ్మినా తీరని కారు అప్పు

హైదరాబాద్‌లో ఒక ఉద్యోగి 2024 సెప్టెంబర్ చివర్లో కొత్త కారు కొన్నాడనుకుందాం. నాలుగు మీటర్ల లోపు పొడవున్న చిన్న పెట్రోల్ కారు. ఎక్స్‌షోరూమ్ ధర 9 లక్షలు. తెలంగాణలో ఆ ధరకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం, అంటే 1.26 లక్షలు. దానిమీద ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్ వగైరా కలిపి ఇంకో 49 వేలు. మొత్తం ఆన్‌రోడ్ ధర 10.75 లక్షలు. చేతి నుంచి 75 వేలు కట్టాడు. మిగిలిన 10 లక్షలు బ్యాంకు ఇచ్చింది. వడ్డీ 9.5 శాతం, గడువు ఏడేళ్లు, నెలకు కిస్తు 16,344 రూపాయలు.

ఏడాది తిరిగింది. పన్నెండు కిస్తులూ తేదీ తప్పకుండా కట్టాడు. ఇంతలో వేరే ఊరికి బదిలీ అయింది, కారు అమ్మేద్దామనుకున్నాడు. పాత కార్లు కొనే డీలరు చూసి 7.09 లక్షలు ఇస్తానన్నాడు. బ్యాంకును అడిగితే ఇంకా 8.94 లక్షలు బాకీ ఉందని తేలింది. కారు అమ్మి ఆ డబ్బంతా బ్యాంకుకు కట్టినా అప్పు తీరదు. ఇంకో 1.85 లక్షలు జేబులోంచి తీసి ఇస్తే తప్ప ఆ కారును వదిలించుకోలేడు. ఏడాదిలో అతను కట్టిన కిస్తులే దాదాపు 1.96 లక్షలు.

ఈ లోటునే ఫైనాన్స్ భాషలో నెగెటివ్ ఈక్విటీ అంటారు. వస్తువు విలువ కంటే దానిమీద ఉన్న అప్పు ఎక్కువగా ఉండటం. ఆ ఉద్యోగి ఊహాపాత్రే. వడ్డీ, గడువు, ధర ఇలా ఉంటే బాకీ మాత్రం ఏ బ్యాంకు లెక్క వేసినా రూపాయి అటూ ఇటూగా ఇంతే వస్తుంది. కారు ధర విషయంలో అంత కచ్చితత్వం ఉండదు. ఇక్కడ మొదటి నెల చివర్లో అమ్మితే 8.10 లక్షలు వస్తుందనీ, ఆపైన నెలనెలా 1.2 శాతం చొప్పున తగ్గుతుందనీ లెక్క వేశాం. బాగా గిరాకీ ఉన్న మోడల్ ఇంతకంటే నెమ్మదిగా దిగుతుంది, గిరాకీ లేనిది ఇంకా వేగంగా పడిపోతుంది.

మొదట చూడాల్సింది ఈ లోటు ఎక్కడ పుట్టిందన్నది. చాలామంది కారు ధర పడిపోవడమే కారణమనుకుంటారు. అది సగం నిజం. మిగతా సగం షోరూమ్ కాగితంలోనే ఉంది. ఆ 10 లక్షల అప్పులో 9 లక్షలే కారుకు వెళ్లాయి. మిగిలిన లక్ష లైఫ్ ట్యాక్స్‌కూ ఇన్సూరెన్స్‌కూ పోయింది. అదే రాష్ట్రంలో ఉన్నంతవరకు రెండో యజమాని లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టక్కర్లేదు, నిజమే. కానీ పాత కారు బేరంలో ‘ట్యాక్స్ కట్టాను, దానికి విడిగా ఇంతివ్వు’ అంటే ఎవరూ ఇవ్వరు. పైగా కారు ఒకరి పేరు మీద రిజిస్టరైన క్షణం నుంచి అది సెకండ్ హ్యాండే. కిలోమీటరు కూడా నడవని కారైనా, కొనే డీలరు తన లాభం చూసుకుని షోరూమ్ ధరకంటే తక్కువకే అడుగుతాడు. అందుకే మొదటి కిస్తు కట్టేనాటికే బాకీ 9.92 లక్షలు, కారు ధర 8.10 లక్షలు. తేడా 1.82 లక్షలు.

మరి కిస్తులు కడుతున్న కొద్దీ ఆ తేడా తగ్గాలి కదా? మొదట్లో తగ్గదు, పెరుగుతుంది. కారణం కిస్తులోనే ఉంది. మొదటి నెల 16,344 రూపాయల్లో 7,917 రూపాయలు వడ్డీకే పోతాయి. అసలు తగ్గేది 8,427 రూపాయలు. అదే సమయంలో కారు ధర నెలకు 9,700 రూపాయల చొప్పున దిగుతోంది. అప్పు తగ్గే వేగం కంటే ధర తగ్గే వేగం ఎక్కువన్నమాట. నెలలు గడిచేకొద్దీ కిస్తులో అసలు వాటా పెరుగుతుంది, ధర పడే మొత్తం కొంచెంకొంచెంగా తగ్గుతుంది. ఈ రెండూ సమానమయ్యేది ఎనిమిదో నెల దగ్గర. అప్పటికి లోటు 1.86 లక్షలు. అదే గరిష్ఠం. అక్కడినుంచి తగ్గుతుంది గానీ చాలా నెమ్మది. పన్నెండో నెలకు తగ్గింది వెయ్యి రూపాయల పైచిలుకు మాత్రమే.

మిగతా కాలం ఎలా సాగుతుందో ఈ పట్టికలో చూడవచ్చు. అన్నీ లక్షల్లో.

| నెల | అప్పు బాకీ | అమ్మితే వచ్చేది | లోటు |
|---|---|---|---|
| 1 | 9.92 | 8.10 | 1.82 |
| 8 | 9.31 | 7.44 | 1.86 |
| 12 | 8.94 | 7.09 | 1.85 |
| 24 | 7.78 | 6.14 | 1.65 |
| 36 | 6.51 | 5.31 | 1.20 |
| 48 | 5.10 | 4.59 | 0.51 |

యాభై అయిదో నెలలో రెండు అంకెలూ దాదాపు కలుస్తాయి. యాభై ఆరో నెల నుంచి కారు ధర బాకీని దాటుతుంది. అంటే నాలుగేళ్ల ఎనిమిది నెలలు. ఆ లోపు ఏ రోజు అమ్మాలన్నా చేతి డబ్బు పడాల్సిందే.

ఏడేళ్లూ ఆ కారే నడుపుకుంటూ, కిస్తులు కట్టుకుంటూ పోయేవాళ్లకు ఈ లోటు కనిపించనైనా కనిపించదు. వాళ్ల నెల ఖర్చులో దానివల్ల రూపాయి తేడా రాదు. అనుకోనిది జరిగినప్పుడే అది బయటపడుతుంది: బదిలీ, ఉద్యోగం పోవడం, ఇంట్లో వైద్యం ఖర్చు, ప్రమాదం. చాలా ఇళ్లలో ఇవి ఆదాయం తగ్గే రోజులు కూడా. అందుకే ఈ లోటు మామూలు రోజుల్లో ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో, అవసరం వచ్చిన రోజున అంత బరువుగా పడుతుంది.

ఇంకో ఊహించని దెబ్బ 2025లో చాలామంది కార్ల యజమానులకు తగిలింది. ఆ ఏడాది సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, సెస్సు కూడా పోయింది. 1200 సీసీ లోపు, నాలుగు మీటర్ల లోపు పెట్రోల్ కారు మీద అంతకుముందు సెస్సుతో కలిపి 29 శాతం పన్ను ఉండేది. పన్ను తగ్గింపు మొత్తం ధరలోకి వస్తే, 9 లక్షల కారు సుమారు 8.23 లక్షలకు దిగుతుంది. కొత్తగా కొనేవాళ్లకు అది పండగే. ఏడాది క్రితం 9 లక్షలు పెట్టి కొన్నవాళ్ల సంగతి వేరు. కొత్త కారే 77 వేలు తక్కువకు దొరుకుతుంటే, పాతదానికి పాత ధర ఎవరిస్తారు?

మన ఉదాహరణలో కారుకు సరిగ్గా అప్పుడే పన్నెండు నెలలు నిండాయి. పాత కారు ధర కూడా అదే నిష్పత్తిలో తగ్గిందనుకుంటే 7.09 లక్షలు కాస్తా 6.49 లక్షలకు దిగుతుంది. బాకీలో మార్పేమీ ఉండదు. బ్యాంకు ఇచ్చింది పాత ధర మీద, వసూలు చేసేదీ ఆ లెక్కనే. లోటు 1.85 లక్షల నుంచి 2.46 లక్షలకు చేరుతుంది. రెండు అంకెలూ కలిసే రోజు కూడా వెనక్కి జరిగి అరవయ్యో నెల దగ్గర పడుతుంది. అతను చేసిన తప్పేమీ లేదు, కట్టని కిస్తు ఒక్కటీ లేదు. కంపెనీలు పెద్ద డిస్కౌంట్లు ఇచ్చినా, అదే కారు కొత్త రూపంలో వచ్చినా, పాతవాటి ధర మీద పడే ప్రభావం ఇలాంటిదే.

అన్నిటికంటే తక్కువమంది ఊహించేది ప్రమాదం జరిగిన తర్వాతి లెక్క. ‘కాంప్రహెన్సివ్ ఇన్సూరెన్స్ ఉంది కదా, కారు మొత్తం పోయినా అప్పు ఇన్సూరెన్స్ కంపెనీయే తీరుస్తుంది’ అన్న నమ్మకం బలంగా ఉంది. కంపెనీ అప్పు ఎంతుందో చూడదు. పాలసీలో రాసిన ఐడీవీ ఎంతో చూస్తుంది. ఐడీవీ అంటే ఆ ఏడాదికి కారుకు కట్టిన బీమా విలువ. కంపెనీ ప్రకటించిన అమ్మకం ధర నుంచి కారు వయసును బట్టి తరుగు తీసేసి దాన్ని లెక్కిస్తారు. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, అయిదేళ్ల లోపు 50 శాతం తరుగు. రిజిస్ట్రేషన్ ఖర్చులు, ఇన్సూరెన్స్ ప్రీమియం అందులో కలవవు.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. తరుగు తీసేది యజమాని ఎప్పుడో కట్టిన ధర నుంచి కాదు, పాలసీ మొదలయ్యే నాటికి ఆ మోడల్‌కు ఉన్న ధర నుంచి. మన ఉద్యోగి పాలసీ 2025 సెప్టెంబర్ చివర్లో రెన్యూవల్‌కు వచ్చింది. అప్పటికి కొత్త ధర 8.23 లక్షలు. అందులో 20 శాతం తరుగు పోతే ఐడీవీ 6.59 లక్షలు. మరో రెండు నెలలకు కారు నుజ్జయిందనుకుందాం. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్‌గా లెక్కిస్తారు. ఆర్సీ మీద బ్యాంకు హైపోథికేషన్ ఉంది కాబట్టి డబ్బు ముందు బ్యాంకుకే వెళ్తుంది. పద్నాలుగో నెలలో బాకీ 8.76 లక్షలు. బీమా సొమ్ము 6.59 లక్షలు, అందులోనూ పాలసీ షరతుల ప్రకారం కొంత కోత. కారు లేదు, బీమా సొమ్ము చేతికి రాలేదు, ఇంకా 2.17 లక్షల అప్పు మిగిలింది. దానికి కిస్తు నెలనెలా నడుస్తూనే ఉంటుంది.

ఈ ఒక్క ప్రమాదానికి మాత్రం నేరుగా పనికొచ్చే మందు ఉంది. ఇన్సూరెన్స్‌తో పాటు ‘రిటర్న్ టు ఇన్వాయిస్’ అనే యాడ్ ఆన్ తీసుకుంటే, టోటల్ లాస్ అయినప్పుడు లేదా కారు దొంగతనానికి గురైనప్పుడు కొన్న నాటి ఇన్వాయిస్ ధర వస్తుంది. చాలా పాలసీల్లో రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ కూడా అందులో కలుస్తాయి. కారు కొత్తగా ఉన్న మొదటి కొన్నేళ్లకే దీన్ని ఇస్తారు. లోటు పెద్దగా ఉండేదీ ఆ ఏళ్లలోనే. దాదాపు మొత్తం అప్పుతో కారు కొన్నవాళ్లు మిగతా యాడ్ ఆన్‌లలో ఏది వదులుకున్నా ఇది వదులుకోకపోవడం మంచిది. ఆన్‌రోడ్ ధరంతా వస్తుందా, ఇన్వాయిస్ ధర వరకేనా అన్నది మాత్రం పాలసీ కాగితంలో చదివి తెలుసుకోవాలి.

కిస్తులు ఆగిపోయినప్పుడు వినిపించే మాట ఇంకోటి ఉంది: ‘కట్టలేకపోతే కారు ఇచ్చేస్తాం, పీడ పోతుంది.’ పోదు. బ్యాంకు ఆ కారును వేలం వేస్తుంది. వేలంలో ధర సాధారణంగా డీలరిచ్చే ధరకంటే తక్కువే పలుకుతుంది. ఆ డబ్బు బాకీలో జమ చేసుకుని, కారు తీసుకెళ్లిన ఖర్చు, పార్కింగ్ యార్డు ఖర్చు, అపరాధ ఛార్జీలు కలుపుకుని మిగిలింది కట్టమని నోటీసు పంపుతుంది. ఒప్పందంలో కారు హామీ మాత్రమే, అప్పు తీర్చాల్సింది మనిషి. క్రెడిట్ స్కోరు మీద మచ్చ దీనికి అదనం. అలాంటి పరిస్థితి వచ్చేలా కనిపిస్తే, కారు బ్యాంకు చేతికి వెళ్లకముందే తానుగా అమ్ముకుని, లోటుకు బ్యాంకుతో గడువు అడగడమే తక్కువ నష్టం.

అమెరికాలో ఈ సమస్య ఇంకా ముదిరింది. 2021లో చిప్‌ల కొరత వల్ల కొత్త కార్లు దొరక్క పాతవాటి ధరలు ఆకాశాన్నంటాయి. అప్పుడు ఎక్కువ ధరకు కొన్నవాళ్ల కార్ల విలువ తర్వాత వేగంగా పడింది. వాహనాల ధరలను గమనించే ఎడ్మండ్స్ సంస్థ లెక్క ప్రకారం 2024 చివరి త్రైమాసికంలో కొత్త కారు కోసం మార్పిడికి ఇచ్చిన కార్లలో దాదాపు నాలుగింట ఒకదాని మీద విలువకు మించిన అప్పుంది. ఆ లోటు సగటున 6,800 డాలర్లకు పైనే. అక్కడ డీలర్లు ఆ లోటును కొత్త కారు అప్పులో కలిపేస్తారు. కొనేవాడికి అది మాయమైనట్టే ఉంటుంది. నిజానికి కొత్త కారు మొదటి రోజే పాత కారు లోటును కూడా మోస్తుంది.

అక్కడున్న తెలుగువాళ్లలో హెచ్‌1బీ వీసా మీద పనిచేసేవాళ్లకు ఇది మరీ ఇబ్బంది. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో వేరే ఉద్యోగమో వీసా స్థితో చూసుకోవాలి, లేకపోతే దేశం వదలాలి. ఆ రెండు నెలల్లో కారు అమ్మాలంటే అప్పు ఇచ్చిన సంస్థకు లోటంతా నగదుగా కట్టాలి. లేకపోతే టైటిల్ విడుదల కాదు, టైటిల్ లేనిదే అమ్మకం పూర్తి కాదు. జీతం ఆగిన నెలలోనే వేల డాలర్లు చూసుకోవాల్సి వస్తుంది.

మళ్లీ హైదరాబాద్ లెక్కకు వస్తే, అదే కారు, అదే వడ్డీ, అప్పు కూడా అదే 10 లక్షలు. ఏడేళ్లకు బదులు అయిదేళ్ల గడువు పెట్టుకుని ఉంటే కిస్తు 21,002 రూపాయలు. నెలకు 4,658 రూపాయలు ఎక్కువ. పన్నెండో నెల లోటు 1.27 లక్షలు, ఇరవై నాలుగో నెలకు 42 వేలు, ఇరవై తొమ్మిదో నెలకు లోటు పోయింది. ఏడేళ్ల గడువులో అదే రోజు కోసం యాభై ఆరు నెలలు ఆగాలి. మొత్తం వడ్డీలో తేడా ఎటూ ఉంది, ఏడేళ్లకు 3.73 లక్షలు, అయిదేళ్లకు 2.60 లక్షలు.

గడువు ఏడేళ్లే ఉంచి, చేతి డబ్బు 75 వేలకు బదులు 2.75 లక్షలు కట్టి, 8 లక్షలే అప్పు తీసుకుని ఉంటే? అప్పుడు బాకీ, ధర మొదటి రెండేళ్లూ దాదాపు పక్కపక్కనే నడుస్తాయి. పన్నెండో నెల లోటు 6 వేలు, ఇరవై నాలుగో నెలకు 9 వేలు. ముప్పై ఆరో నెలకు కారు ధరే 10 వేలు ఎక్కువ. ఎక్స్‌షోరూమ్ ధరలో 10 శాతానికి పైగా, ఆపైన ట్యాక్స్, ఇన్సూరెన్స్ మొత్తం చేతి నుంచి కట్టడం దీనికి కారణం. షోరూమ్‌లో ‘ఆన్‌రోడ్ మొత్తం మీద లోన్ ఇప్పిస్తాం, సార్’ అన్న మాటకు ఖరీదు ఇదీ. బేరం ఎప్పుడూ నెల కిస్తు మీదే నడుస్తుంది. గడువు పెంచితే కిస్తు తగ్గి అందరికీ నచ్చుతుంది. రెండేళ్ల తర్వాత బాకీ ఎంతుంటుందో కాగితం మీద రాసి చూపించమని అడిగేవాళ్లు తక్కువ.

ఇప్పటికే అప్పులో ఉన్నవాళ్లు తమ లెక్క తెలుసుకోవడం కష్టమేమీ కాదు. బ్యాంకు యాప్‌లో రీపేమెంట్ షెడ్యూల్ ఉంటుంది, నెలనెలా మిగిలే అసలు ఎంతో అందులో వరుసగా కనిపిస్తుంది. కారు ధర దగ్గరే పొరపాటు జరుగుతుంది. ఆన్‌లైన్‌లో అదే మోడల్ పాత కారు అమ్మకానికి పెట్టిన ధర చూసి తమ కారుకూ అంతే వస్తుందనుకుంటారు. అది అమ్మేవాడు అడిగే ధర, అందులో డీలరు లాభం, రిపేరు ఖర్చు, వారంటీ కలిసి ఉంటాయి. మనకు కావాల్సింది కొనేవాడు ఇచ్చే ధర. ఇద్దరు ముగ్గురి దగ్గర కారు చూపించి కొటేషన్ తీసుకుని, అందులో తక్కువదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

దానిమీద ఫోర్‌క్లోజర్ ఛార్జీ కలపాలి. 2026 జనవరి 1 నుంచి మంజూరైన ఫ్లోటింగ్ రేటు అప్పులకు, వ్యక్తులు సొంత అవసరాలకు తీసుకున్నవైతే, ముందే తీర్చినా ఛార్జీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. కానీ మన దగ్గర చాలా కారు లోన్లు ఫిక్స్‌డ్ రేటువి. వాటికి ఒప్పందంలో ఉన్న ఛార్జీ వర్తిస్తుంది. అది 4 శాతం అనుకుంటే, దానిమీద 18 శాతం జీఎస్టీతో కలిపి 8.94 లక్షల బాకీకి 42 వేలవుతుంది. మన ఉద్యోగి పన్నెండో నెలలో అమ్మాలంటే, జీఎస్టీ తగ్గింపు దెబ్బను పక్కన పెట్టినా, నిజంగా పెట్టుకోవాల్సింది 1.85 లక్షలు కాదు, 2.27 లక్షలు.

బదిలీ తప్పదు, కారు అమ్మక తప్పదు అనుకుంటే పని జరిగే వరుస ఇది. ముందు బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ తీసుకోవాలి. అందులో ఫలానా తేదీ వరకు ఇంత అని రాసి ఉంటుంది, ఆ తేదీ దాటితే వడ్డీ పెరుగుతుంది. కొనేవాడు తన డబ్బును అమ్మేవాడి చేతికివ్వకుండా నేరుగా లోన్ ఖాతాకే కట్టడం ఇద్దరికీ క్షేమం. లోటును అమ్మేవాడు అదే రోజు అదే ఖాతాలో వేస్తాడు. ఖాతా మూసిన తర్వాత బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 ఇస్తుంది. వాటితో ఆర్టీఏలో హైపోథికేషన్ తీయించాకే ఆర్సీ కొత్త యజమాని పేరు మీదకు మారుతుంది. అప్పు పాతవాడి పేరు మీదే ఉంచి, ‘కిస్తులు నేను కట్టుకుంటాను’ అని నోటి మాట మీద కారు తీసుకెళ్లే ఒప్పందాలకు ఒప్పుకోకూడదు. అవతలివాడు ఒక్క కిస్తు తప్పినా ఫోను వచ్చేదీ, స్కోరు పడేదీ ఆర్సీలో పేరున్నవాడికే.